ఆక్సీమీటర్ చెప్పని రెండో అంకె

కోల్‌కతాలో డిసెంబరు ఉదయాలు పొగమంచుతో మొదలవుతాయి. అందులో మంచెంతో పొగెంతో విడదీసి చెప్పడం కష్టం. అలాంటి ఒక ఉదయం ఏక్‌బాల్‌పూర్ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్యకి ఆయాసం ఎక్కువైందిరా. వేలికి పెట్టే మిషన్‌లో 82 చూపిస్తోంది."

మావయ్యకి 68 ఏళ్లు. గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు. డైమండ్ హార్బర్ రోడ్డు పక్క సందులో ఉంటారు. నలభై ఏళ్లు సిగరెట్లు కాల్చారు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు కుంచించుకుపోయే సీఓపీడీ అనే జబ్బు ఆయనకుందని పదేళ్ల కిందటే తేలింది. ఇంట్లో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ 2021లో కోవిడ్ రెండో వేవ్ సమయంలో కొన్నది. 94 కంటే తగ్గితే ప్రమాదమన్న మాట మన అందరిలాగే ఆయనకూ కంఠతా వచ్చు.

నేను చేరుకునేసరికి ఆయన దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో మంచం మీద ఉన్నారు. ముఖానికి పెద్ద మాస్కు ఉంది, గోడ మీటరులో ఆక్సిజన్ నిమిషానికి పది లీటర్ల చొప్పున పోతోంది. మానిటర్‌లో 97 కనిపించింది. "హమ్మయ్య, పెరిగింది" అంది అత్తయ్య. మావయ్య కళ్లు మూసుకుని ఉన్నారు. రాత్రంతా నిద్రలేక ఇప్పుడు పడుకున్నారని అనుకున్నాం.

ఆయన పడుకోలేదు. మత్తులోకి జారుతున్నారు.

ఆ సంగతి మానిటర్ చెప్పలేదు. అంతకు రెండు గంటల ముందు, మాస్కు పెట్టక ముందే, మణికట్టు దగ్గర ధమని నుంచి తీసిన రక్తం రిపోర్టు చెప్పింది. అది ఫైల్లోనే ఉంది. అయితే దానిలోని ఆక్సిజన్ అంకెను చూసినంత శ్రద్ధగా మిగతా అంకెలను ఎవరూ చూడలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కోవిడ్ మనకు ఆక్సిజన్ అంకెను చదవడం నేర్పింది. దానితోపాటు చదవాల్సిన కార్బన్ డయాక్సైడ్, పీహెచ్‌లను మాత్రం మరిచిపోయేలా చేసింది. సీఓపీడీ రోగికి ఆక్సిజన్ పెట్టినప్పుడు ఈ రెండూ చూడకపోతే వైద్యం సగమే జరిగినట్టు.

రెండు పనులు, రెండు వైఫల్యాలు

ఊపిరితిత్తులు చేసేది ఒక పని కాదు, రెండు. మొదటిది గాలిలోని ఆక్సిజన్‌ను రక్తంలోకి పంపడం. రెండోది కొలిమి తిత్తిలా గాలిని లోపలికీ బయటికీ ఆడిస్తూ, ఒంట్లో తయారయ్యే కార్బన్ డయాక్సైడ్‌ను ఊడ్చివేయడం. మొదటి పని దెబ్బతిని రెండోది నడుస్తుంటే అది టైప్ 1 శ్వాస వైఫల్యం. ధమని రక్తంలో ఆక్సిజన్ 60 మిల్లీమీటర్ల పాదరసం కంటే తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ మామూలుగానో తక్కువగానో ఉంటుంది. తిత్తే సరిగ్గా ఆడకపోతే అది టైప్ 2. అప్పుడు ఆక్సిజన్ తగ్గడంతోపాటు కార్బన్ డయాక్సైడ్ 45 దాటి పేరుకుపోతుంది.

ఈ రెండో పనిలో ఒక సులువైన లెక్క ఉంది. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తయారీ మారకుండా, గాలి గదులకు చేరే గాలి సగానికి పడిపోతే, రక్తంలో దాని పీడనం రెట్టింపవుతుంది. మామూలుగా 40 ఉండేది 80 అవుతుంది. ఇంత మార్పు జరుగుతున్నా వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌కు తెలియదు. అది హిమోగ్లోబిన్ ఎంత ఎర్రగా ఉందో కాంతితో కొలుస్తుంది, అంతే. కార్బన్ డయాక్సైడ్‌ను చూసే కన్ను దానికి లేదు.

ఒకే 82, రెండు చీటీలు

మావయ్య మొదటి రిపోర్టులో, మామూలు గాలి పీలుస్తుండగా వచ్చిన అంకెలివి:

```
pH 7.30   pCO2 60   pO2 52   HCO3 29
```

ఇప్పుడు పక్క మంచం మీద న్యుమోనియా వచ్చిన ఒక పాతికేళ్ల యువకుడు ఉన్నాడనుకుందాం. అతని ఆక్సీమీటర్ కూడా 82 చూపిస్తోంది. అతని చీటీ ఇలా ఉండవచ్చు:

```
pH 7.48   pCO2 30   pO2 43   HCO3 22
```

చదవడం పీహెచ్‌తో మొదలుపెట్టాలి. మామూలు హద్దులు 7.35 నుంచి 7.45. యువకుడిది 7.48, అంటే రక్తం క్షారం వైపు జరిగింది. మావయ్యది 7.30, ఆమ్లం వైపు జరిగింది. తర్వాత చూడాల్సింది, ఈ జరగడానికి కార్బన్ డయాక్సైడ్ కారణమా అన్నది. ఈ వాయువు నీటిలో కలిస్తే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. కాబట్టి అది పెరిగితే పీహెచ్ తగ్గాలి, అది తగ్గితే పీహెచ్ పెరగాలి. యువకుడి కార్బన్ డయాక్సైడ్ 30కి తగ్గింది, పీహెచ్ పెరిగింది. మావయ్యది 60కి పెరిగింది, పీహెచ్ తగ్గింది. రెండు చోట్లా లెక్క కుదిరింది.

యువకుడు గబగబా ఊపిరి తీస్తూ కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగానే బయటికి తోసేస్తున్నాడు. అతని తిత్తి బాగానే ఆడుతోంది. ఊపిరితిత్తిలో కొంత భాగం చీముతో, నీటితో నిండిపోయింది కనుక ఆ భాగం గుండా పోయే రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగి వస్తోంది. ఇది టైప్ 1. మావయ్యది టైప్ 2.

భౌతికశాస్త్రం చదివినవాడిగా నాకిష్టమైన ఒక లెక్క ఈ తేడాను ఇంకా స్పష్టం చేస్తుంది. కోల్‌కతా దాదాపు సముద్ర మట్టంలో ఉంది. గాలి పీడనం 760. ఊపిరితిత్తుల్లోని నీటి ఆవిరికి 47 తీసేస్తే 713 మిగులుతుంది. అందులో ఆక్సిజన్ వాటా 21 శాతం, అంటే సుమారు 150. గాలి గదిలో కార్బన్ డయాక్సైడ్ కూడా చోటు ఆక్రమిస్తుంది కనుక, దాని పీడనాన్ని 0.8తో భాగించి ఈ 150లోంచి తీసేయాలి. మావయ్యకి 60ని 0.8తో భాగిస్తే 75. మిగిలేది 75. అంటే ఆయన గాలి గదుల్లోకి చేరిన ఆక్సిజనే 75. రక్తంలో 52 ఉంది. తేడా 23. ఆయన వయసుకు ఇది మామూలు హద్దును కాస్తే దాటింది. యువకుడి గాలి గదుల్లో 112 దాకా ఉంది, రక్తంలోకి వచ్చింది 43 మాత్రమే. తేడా 69. అతనిలో ఆక్సిజన్ గాలి గది దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. మావయ్యలో గాలి గదికి చేరేదే తక్కువ.

ఇక చివరిదైన బైకార్బనేట్. కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆమ్లం ఎక్కువైతే మూత్రపిండాలు బైకార్బనేట్‌ను దాచుకుని దాన్ని సమం చేయడానికి చూస్తాయి. అయితే అవి నెమ్మదిగా పనిచేస్తాయి, పూర్తి కావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అందువల్ల బైకార్బనేట్ ఒక కేలెండర్ లాంటిది. కార్బన్ డయాక్సైడ్ ఈ రోజే 40 నుంచి 60కి ఎగబాకి ఉంటే బైకార్బనేట్ 24 నుంచి 26 దాకానే పెరిగేది, పీహెచ్ ఇంకా కిందికి పోయేది. నెలల తరబడి 60 దగ్గరే నిలకడగా ఉండి ఉంటే బైకార్బనేట్ 31, 32కి చేరి పీహెచ్ 7.35కి దగ్గరగా ఉండేది. మావయ్యది 29, అంటే ఈ రెండింటికీ మధ్య. పాత జబ్బు మీద కొత్త దెబ్బ పడింది. కార్బన్ డయాక్సైడ్ 60 అన్న ఒక్క అంకె ఈ కథ చెప్పలేదు. దాని పక్కన పీహెచ్ ఉంటేనే అది ఎంత అత్యవసరమో తెలుస్తుంది.

ఆక్సిజన్ అలారాన్ని ఆపేస్తుంది

ఇప్పుడు ఆ పది లీటర్ల మాస్కు సంగతి. రెండు గంటల తర్వాత మావయ్యను గట్టిగా పిలిచినా సరిగ్గా పలకకపోవడంతో డ్యూటీకి కొత్తగా వచ్చిన డాక్టర్ మళ్లీ ధమని రక్తం తీయించారు. ఆక్సిజన్ 118. కార్బన్ డయాక్సైడ్ 82. పీహెచ్ 7.20. మానిటర్‌లో అప్పుడూ 97 వెలుగుతూనే ఉంది.

ఆయన మామూలు గాలి పీలుస్తూ కార్బన్ డయాక్సైడ్ 82కి చేరి ఉంటే ఏమయ్యేదో ఇందాకటి లెక్కతో చూడండి. 82ని 0.8తో భాగిస్తే సుమారు 102. దాన్ని 150లోంచి తీసేస్తే గాలి గదిలో ఆక్సిజన్ 48. రక్తంలో అంతకంటే తక్కువ. ఆక్సీమీటర్ 70లలోకి, ఇంకా కిందికి పడిపోయి అందరినీ పరుగులు పెట్టించేది. కానీ మాస్కు ద్వారా సుమారు 60 శాతం ఆక్సిజన్ అందుతుంటే మొదటి అంకె 150 కాదు, దాదాపు 428. అందులోంచి 102 పోయినా ఇంకా 326 ఉంటుంది. ఊపిరి ఎంత కుంటుపడినా ఆక్సీమీటర్ మాత్రం నిశ్చింతగా ఉంటుంది. ఆక్సిజన్ ఆ జబ్బును మాన్పలేదు, జబ్బు మోగించే గంటను ఆపేసింది.

అసలు కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పెరిగింది? ఈ రోగులు ఆక్సిజన్ లేమి వల్లే ఊపిరి తీస్తుంటారనీ, ఆక్సిజన్ ఇస్తే ఊపిరే మానేస్తారనీ చాలామంది చెబుతారు. అందులో కొంత నిజం ఉంది, కానీ అది కథలో చిన్న భాగమే. ఊపిరితిత్తిలో గాలి సరిగ్గా చేరని భాగాలకు వెళ్లే రక్తనాళాలు మామూలుగా ముడుచుకుంటాయి, రక్తాన్ని మంచి భాగాలకు మళ్లిస్తాయి. ఆక్సిజన్ ఎక్కువగా ఇస్తే ఆ నాళాలు తెరుచుకుని, రక్తం పనికిరాని భాగాలకు పోయి, తన కార్బన్ డయాక్సైడ్‌ను దించుకోకుండానే తిరిగి వస్తుంది. పైగా ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను అంతగా మోయలేక రక్తంలోకి వదిలేస్తుంది. ఆరోగ్యవంతుడైతే కాస్త ఎక్కువ ఊపిరి తీసి దీన్ని సర్దుకుంటాడు. అలసిపోయిన తిత్తికి ఆ వెసులుబాటు ఉండదు.

ఇది నా ఇంటి అనుభవం మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ఆయాసంతో అంబులెన్సు ఎక్కిన 405 మంది రోగుల మీద జరిగిన పరిశోధన 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒక వర్గానికి అలవాటు ప్రకారం ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు. రెండో వర్గానికి ఆక్సీమీటర్ 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చారు. సీఓపీడీ ఉందని ఖాయమైన వారిలో మొదటి వర్గంలో 9 శాతం మంది, రెండో వర్గంలో 2 శాతం మంది చనిపోయారు. వాడిన వాయువు ఒకటే. తేడా మోతాదుదే.

కోపెన్‌హాగెన్ నేర్పిన పాఠం

ఈ పొరపాటుకు డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో మొదటి మూడు వారాల్లో శ్వాస కండరాలు చచ్చుబడిన 31 మందికి యంత్ర సాయం అందించగా, వారిలో 27 మంది చనిపోయారు. రక్తంలో బైకార్బనేట్ రూపంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ మొత్తం ఎక్కువగా కనిపించేది. అది ఏదో అంతుబట్టని క్షార లక్షణమని వైద్యులు భావించారు. పీహెచ్ కొలవకుండా బైకార్బనేట్‌ను మాత్రమే చూస్తే అలాగే అనిపిస్తుంది.

మత్తుమందు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఆ లెక్కను తిరగేసి చూశాడు. అది క్షారం కాదనీ, ఊపిరి చాలక పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ అనీ, రోగుల చర్మం గులాబీ రంగులో ఉన్నా వారికి గాలి ఆడడం లేదనీ వాదించాడు. ఆగస్టు 27న వివి ఎబర్ట్ అనే పన్నెండేళ్ల అమ్మాయి గొంతులో గొట్టం అమర్చి చేతి సంచితో ఊపిరి ఊది చూపించాడు. ఆమె ప్రాణాలతో బయటపడింది. తర్వాత నెలల తరబడి వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని వందలమందికి చేతులతోనే ఊపిరి ఊదారు. మరణాల రేటు గణనీయంగా పడిపోయింది. ఆ ఆసుపత్రి ప్రయోగశాలలో పౌల్ ఆస్ట్రప్ పీహెచ్ కొలతతో ఇబ్సెన్ మాట నిజమని చూపించాడు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ను త్వరగా లెక్కగట్టే పద్ధతికి అక్కడే పునాది పడింది. 1950ల చివరికి అమెరికాలో జాన్ సెవరింగ్‌హౌస్ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, పీహెచ్ మూడింటినీ ఒకే పరికరంలో కొలిచేలా కూర్చాడు. నేడు మన ఆసుపత్రుల్లో ఉన్న ఏబీజీ యంత్రం దాని వారసురాలే.

అంటే ఈ పరీక్ష పుట్టిందే గులాబీ రంగులో ఉన్న చర్మాన్ని నమ్మవద్దని చెప్పడానికి. ఆక్సీమీటర్ 97 చూపించడం ఆ గులాబీ రంగుకు అంకె రూపం. దాన్ని చూసి ఊరట చెందితే 1952కి వెనక్కి వెళ్లినట్టే.

అంకెలూ అబద్ధమాడతాయి

ఈ పరీక్షను గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. సిరంజిలో గాలి బుడగ ఉండిపోతే ఆక్సిజన్ అంకె గాలిలోని 150 వైపు జరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు కనిపిస్తుంది. నమూనాను గది వేడిలో చాలాసేపు వదిలేస్తే రక్త కణాలే ఆక్సిజన్‌ను తినేస్తాయి. సూది ధమనికి బదులు సిరలో పడితే ఆక్సిజన్ 40 దగ్గర వచ్చి అనవసరంగా కంగారు పెడుతుంది. దీన్ని పట్టుకునే దారి సులువు. రిపోర్టులోని సంతృప్తతనూ అదే క్షణంలో వేలికున్న ఆక్సీమీటర్ అంకెనూ పోల్చాలి. రెండూ ఎంతో దూరంగా ఉంటే నమూనానే అనుమానించాలి. ఎంత ఆక్సిజన్ పీలుస్తుండగా రక్తం తీశారో రిపోర్టు మీద రాయకపోతే ఆక్సిజన్ అంకెకు అర్థమే లేదు.

రిపోర్టు తనతో తాను పొసుగుతోందో లేదో చూసే చిన్న సూత్రం కూడా ఉంది:

```
H+ = 24 × pCO2 / HCO3
```

మావయ్య అంకెలతో 24ను 60తో గుణించి 29తో భాగిస్తే సుమారు 50 వస్తుంది. పీహెచ్ 7.30 అంటే లీటరుకు 50 నానోమోల్‌ల హైడ్రోజన్ అయాన్లని అర్థం. సరిపోయింది. రిపోర్టు చేత్తో నకలు రాసేటప్పుడు ఒక అంకె తారుమారైనా ఈ లెక్క పట్టిస్తుంది.

అంతకంటే పెద్ద ఉచ్చు మరొకటుంది. తీవ్రమైన ఉబ్బసంతో నిమిషానికి నలభై సార్లు ఊపిరి తీస్తున్న రోగి కార్బన్ డయాక్సైడ్ 30 దగ్గర ఉండాలి. అది 40 వచ్చి, పక్కన కంప్యూటర్ 'నార్మల్' అని అచ్చు వేస్తే, అది శుభవార్త కాదు. ఆ రోగి అలసిపోతున్నాడని, టైప్ 1 నుంచి టైప్ 2లోకి జారుతున్నాడని అర్థం. టైప్ ఒకటా రెండా అన్నది మనిషికి శాశ్వతంగా అంటించే చీటీ కాదు. గంటల్లో మారే స్థితి. అందుకే ఒక్క రిపోర్టు చాలదు. వైద్యం మార్చిన ప్రతిసారీ అరగంట నుంచి గంట లోపల మళ్లీ చూడాలి.

ఏం మారాలి

ఈ వ్యాసం చదివి ఎవరూ ఆక్సిజన్ అంటే భయపడకూడదు. ఆక్సిజన్ లేమి నిమిషాల్లో చంపుతుంది, కార్బన్ డయాక్సైడ్ గంటలు తీసుకుంటుంది. 82 ఉన్న మావయ్యకి ఆక్సిజన్ పెట్టడం తప్పు కాదు, పెట్టకపోతేనే తప్పు. పొరపాటు ఎంత పెట్టాలన్న దగ్గర జరిగింది. న్యుమోనియా యువకుడికి 94 నుంచి 98 లక్ష్యం సరైనదే. మావయ్యకి 88 నుంచి 92 చాలు. ఇద్దరికీ ఒకే మీటరు తిప్పడమే ఇక్కడి అసలు సమస్య.

ఆ డాక్టర్ చేసింది కూడా అదే. మాస్కు మార్చి ఆక్సిజన్‌ను 28 శాతానికి తగ్గించారు. దాన్ని ఒక్కసారిగా తీసేయలేదు. తీసేస్తే, కార్బన్ డయాక్సైడ్ ఇంకా అలాగే ఉన్నందున, ఆక్సిజన్ మొదటి కంటే కిందికి పడిపోయేది. వెంటనే ముఖానికి బిగించే మాస్కుతో బైపాప్ యంత్రం పెట్టి తిత్తికి ఊతమిచ్చారు. గంట తర్వాత పీహెచ్ 7.28, కార్బన్ డయాక్సైడ్ 66. మర్నాటి ఉదయానికి 7.35, 54. అప్పుడు ఆక్సీమీటర్ చూపించింది 90 మాత్రమే. ముందు రోజు 97తో పోలిస్తే అది తక్కువే. కానీ మావయ్య కళ్లు తెరిచి టీ అడిగారు.

నేను అడిగేవి మూడు. మొదటిది, సీఓపీడీ, తీవ్రమైన ఊబకాయం, వెన్ను వంకర, కండరాల బలహీనత ఉన్నవారిని ఆక్సిజన్ మీద పెట్టే ఏ నర్సింగ్ హోమ్ అయినా పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ తెలుసుకునే ఏర్పాటు చేసుకోవాలి. ధమని నుంచి తీసే వీలు లేకపోతే సిర రక్తమైనా మేలే. అందులో కార్బన్ డయాక్సైడ్ 45 లోపు ఉంటే టైప్ 2 దాదాపు లేనట్టే, దాటితే ధమని పరీక్ష తప్పదు. రెండోది, ఒకసారి టైప్ 2 అని తేలిన రోగి చేతికి, ఇతనికి లక్ష్యం 88–92 అని రాసిన కార్డు ఇవ్వాలి. బ్రిటన్‌లో ఈ పద్ధతి ఉంది, ఖర్చు ఒక అట్టముక్క. మూడోది మన ఇళ్లకు సంబంధించింది. పాత ఆయాసం రోగి ఆక్సిజన్ పెట్టాక మగతగా ఉన్నా, పొద్దున్నే తలనొప్పి అంటున్నా, చేతులు చాపితే అవి రెక్కల్లా టపటపా కొట్టుకుంటున్నా, ఆక్సీమీటర్ బాగుందని ఊరుకోవద్దు. మీటరు మీరే తిప్పకుండా డాక్టర్ గారిని పిలిచి, "కార్బన్ డయాక్సైడ్ ఎంత వచ్చింది, పీహెచ్ ఎంత?" అని అడగండి.

అత్తయ్య ఇప్పుడు ఆ కార్డును తనే రాసి ఆక్సీమీటర్ డబ్బాకి అంటించింది. తెలుగులో, బెంగాలీలో, ఇంగ్లిషులో. పక్కింటివాళ్లు చూసి, "90 అంటే తక్కువ కాదా?" అని అడిగితే, "మా ఆయనకి అదే ఎక్కువ" అని చెబుతోంది.